అరేబియా నుంచి అంతర్వేది దాకా, అరవై సెకన్లలో

బడిలో సైన్స్ ప్రాజెక్టు అంటే ఒకప్పుడు అట్టముక్క, దూది, నీలం రంగు ఉండేవి. ఇప్పుడు వాటితోపాటు ఒక నిమిషం వీడియో కూడా తెమ్మంటున్నారు. జలచక్రం మీదైతే బొమ్మలు గీయడం పిల్లలకు పెద్ద కష్టం కాదు. కొండలు, సముద్రం, సూర్యుడు, మబ్బు, నాలుగు బాణాలు చాలు. చిక్కల్లా ఆ బొమ్మల వెనక వినపడే మాటల దగ్గరే వస్తుంది. నిమిషంలో ఏం చెప్పాలి, ఏం వదిలేయాలి, చెప్పింది చిన్న పిల్లలకు అర్థమవుతుందా అన్నవి పెన్ను పట్టుకున్నాక గానీ తెలియవు.

ముందుగా నిమిషంలో ఎన్ని మాటలు పడతాయో చూసుకోవాలి. ఇంగ్లిష్ వీడియోలకు నిమిషానికి 130 నుంచి 150 మాటలని చెబుతుంటారు. ఆ లెక్క తెలుగుకు పనికిరాదు. మన మాటలు పొడుగు. ‘ఆవిరైపోతున్నాయి’ అన్నది ఒక్క మాటే అయినా పలకడానికి పట్టే సమయం తక్కువేం కాదు. పైగా వినేది రెండో తరగతి, మూడో తరగతి పిల్లలు. వాళ్లు బొమ్మ చూడాలి, మాట వినాలి, రెండింటినీ కలుపుకోవాలి. అందుకు మధ్యమధ్య ఊపిరాడే చోటు ఉండాలి. ఇవన్నీ కలుపుకుంటే తెలుగులో ఎనభై మాటల దగ్గర ఆగడం మంచిది. నమ్మకం కుదరకపోతే రాసింది చేతిలో పెట్టుకుని, ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి, తొందరపడకుండా పైకి చదివి చూడండి. వంద మాటలు రాసిన పిల్లలు అరవై సెకన్లలో ముగించడానికి పరుగు పెడతారు. ఆ పరుగులో ‘సాంద్రీకరణం’ లాంటి మాట ఎవరి చెవికీ ఎక్కదు.

మొదటిసారి రాసిన స్క్రిప్టు మామూలుగా ఇలా మొదలవుతుంది: ‘భూమిపై నీరు ఘన, ద్రవ, వాయు రూపాలలో లభిస్తుంది. సూర్యరశ్మి వలన సముద్రాలు, నదులు, చెరువులలోని నీరు బాష్పీభవనం చెంది, వాతావరణంలోకి చేరి, సాంద్రీకరణం చెంది మేఘాలుగా ఏర్పడి, అవపాతం రూపంలో తిరిగి భూమిని చేరుతుంది.’ ఇందులో తప్పు లేదు. పరీక్షలో రాస్తే మార్కులు కూడా వస్తాయి. కానీ దీనికి తోడుగా తెర మీద ఏం చూపించాలి? ఏ సముద్రం? ఏ కొండ? ఎవరి ఊరి వాన? కళ్లకు కట్టే చోటు ఒక్కటీ లేదు. ఎనిమిదేళ్ల పిల్లవాడు ‘చెంది’ అన్న మాటనే దాటలేడు.

నేనైతే అన్ని నీళ్ల కథా చెప్పడం మానేసి, ఒక దారిని పట్టుకోమంటాను. మన పిల్లలకు అందులో గోదావరిని మించిన దారి లేదు. గోదావరి పుట్టేది మహారాష్ట్రలో నాసిక్ దగ్గర త్రయంబకంలో, బ్రహ్మగిరి కొండ మీద. అక్కడి నుంచి పడమటికి చూస్తే అరేబియా సముద్రం ఎనభై కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. అయినా నది అటు పోదు. తూర్పుకు తిరిగి, 1,465 కిలోమీటర్లు నడిచి, బాసర, భద్రాచలం, రాజమండ్రి దాటి బంగాళాఖాతంలో కలుస్తుంది. నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం మీదుగా తెచ్చిన తేమ పడమటి కనుమల మీద వానై కురుస్తుంది, ఆ నీళ్లు నదిగా మారి ఇంకో సముద్రానికి ప్రయాణం కడతాయి. జలచక్రం అనగానే నీళ్లు లేచిన చోటికే తిరిగొస్తాయని గుండ్రటి బొమ్మ చూసిన పిల్లలు అనుకుంటారు. ఈ ఒక్క నది ఆ అపోహను తీసేస్తుంది.

ఇక మాటల్లోకి వెళ్దాం. మొదటి పదిహేను సెకన్లలో సముద్రం నుంచి నీరు ఆవిరవడం చూపించాలి. పిల్లల మనసులో ఇక్కడ రెండు పొరపాట్లు గట్టిగా పాతుకుపోయి ఉంటాయి. ఒకటి, ఆవిరి రావాలంటే నీళ్లు మరగాలి అనుకోవడం. వంటింట్లో వాళ్లు చూసింది అదే. సముద్రం మరగడం లేదు కదా, మరి ఆవిరి ఎలా వస్తుందని అడిగే పిల్లవాడు మంచి ప్రశ్న అడుగుతున్నట్టు. నీళ్లు ఏ వేడిలోనైనా పైపొర నుంచి కొంచెం కొంచెంగా గాలిలో కలిసిపోతూనే ఉంటాయి. ఎండ, గాలి ఆ పనిని వేగంగా చేయిస్తాయి, అంతే. తడిబట్ట ఆరడం ఇదే. శ్రీకాకుళం జిల్లా నౌపడలో ఉప్పు మడులు చూసినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. మడిలోకి సముద్రపు నీళ్లు వదిలి, ఎండకు వదిలేస్తారు. పొయ్యి లేదు, మంట లేదు. నీళ్లు ఇగిరిపోయి తెల్లటి ఉప్పు అడుగున మిగులుతుంది. వీడియోలో ఉప్పు మడి బొమ్మ ఒక్కటి రెండు సెకన్లు పెడితే రెండు విషయాలు తేలిపోతాయి. నీళ్లు మరగకుండానే పోయాయి, ఉప్పు మాత్రం పోలేదు. వాన నీళ్లు ఉప్పగా ఎందుకు ఉండవో పిల్లలు తమంతట తామే చెప్పేస్తారు.

రెండో పొరపాటు ఇంకా మొండిది. తెల్లగా కనపడేదే ఆవిరి అనుకోవడం. ఒక ఏడో తరగతి అమ్మాయి స్క్రిప్టులో ‘సముద్రం నుంచి తెల్లటి ఆవిరి పైకి లేచి మబ్బవుతుంది’ అని రాసింది. ఆవిరి కంటికి కనపడదమ్మా అంటే, ‘అదేంటి సార్, కెటిల్ మూతి దగ్గర తెల్లగా రోజూ కనపడుతుంది కదా’ అంది. అయితే ఈసారి పెద్దవాళ్లను తోడు పెట్టుకుని, చెయ్యి పెట్టకుండా, దూరం నుంచే చూడమన్నాను. నీళ్లు బాగా మరిగే కెటిల్ మూతిని పక్క నుంచి చూస్తే, మూతిని ఆనుకుని కొద్ది మేర ఏమీ కనపడదు. అద్దంలా ఖాళీగా ఉంటుంది. తెలుపు మొదలయ్యేది ఆ ఖాళీ దాటాక. ఆ ఖాళీలో ఉన్నదే నిజమైన ఆవిరి. అది బయటి గాలి తగిలి చల్లబడి సన్నటి నీటి తుంపరలుగా మారినప్పుడు మనకు తెల్లగా కనపడుతుంది. అంటే ఆ తెలుపు ఒక చిన్న మబ్బు. ఆ అమ్మాయి మర్నాడు వచ్చి బొమ్మలో సముద్రం మీది తెల్లటి పొగలన్నీ చెరిపేసి, అక్కడ చుక్కల గీతలతో బాణాలు గీసింది. కనపడని దాన్ని చూపించడానికి అది మంచి ఉపాయం.

అందుకే ఈ భాగంలో ‘అది కంటికి కనపడదు’ అన్న వాక్యం కచ్చితంగా ఉండాలి. వేరే ఏ వాక్యాన్నైనా కోయండి గానీ దీన్ని కోయొద్దు.

ఆ తర్వాతిది మబ్బు. నిమిషం మొత్తంలో చెప్పడానికి అన్నిటికంటే కష్టమైన పన్నెండు సెకన్లు ఇవే. ఆవిరి పైకి పోతే ఎందుకు చల్లబడుతుంది? సూర్యుడికి దగ్గరవుతోంది కదా, వేడెక్కాలి కదా అని పిల్లలు అడుగుతారు. సూర్యుడు కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, కిలోమీటరో రెండో పైకి పోయినంత మాత్రాన దగ్గరైనట్టు కాదు. అసలు కారణం గాలి ఒత్తిడి. పైకి పోయేకొద్దీ చుట్టూ ఒత్తిడి తగ్గుతుంది, గాలి వ్యాపిస్తుంది, వ్యాపించడానికి తనలోని వేడినే ఖర్చు పెడుతుంది. సైకిల్ ట్యూబు పిన్ను నొక్కి గాలి వదిలితే వేలికి చల్లగా తగిలినట్టే ఇదీను. మబ్బు పట్టని గాలి పైకి లేస్తుంటే ప్రతి కిలోమీటరుకూ దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది. తేమ గాలి పడమటి కనుమలకు కొట్టుకుని పైకెక్కినప్పుడు జరిగేది అదే. ఈ వివరమంతా నిమిషంలో పట్టదు. స్క్రిప్టులో ‘పైకి పోయేకొద్దీ చల్లబడింది’ అని మూడు మాటలు చాలు. కానీ రాసేవాళ్లకు కారణం తెలిసి ఉండాలి. చూడటానికి వచ్చిన మాస్టారు మొదట అడిగేది ఆ మూడు మాటల గురించే.

చల్లబడితే చాలదు, ఆవిరి చుక్కగా మారడానికి ఆనుకునే చోటు కావాలి. గాలిలోని దుమ్ము, పొగ, సముద్రం నుంచి ఎగిరిన ఉప్పు రేణువులు ఆ పని చేస్తాయి. దీన్ని వీడియోలో చూపించడానికి ఒక సీసా చాలు. వెడల్పు మూతి ఉన్న గాజు సీసాను ముందు గోరువెచ్చని నీళ్లతో తొలిపి, తర్వాత అడుగున కాస్త వేడినీళ్లు పోయాలి. మొదటే మరిగే నీళ్లు పోస్తే గాజు పగలొచ్చు. సీసా మీద ఐసు ముక్కలు పెట్టిన స్టీలు పళ్లెం మూతగా పెడితే, లోపల పలచగా మసక తప్ప పెద్దగా ఏమీ కనపడదు. ఇప్పుడు పళ్లెం కొంచెం ఎత్తి, అగరబత్తి పొగ ఒక్క క్షణం లోపలికి పోనిచ్చి మళ్లీ మూయాలి. చిక్కటి తెల్లటి మబ్బు సీసాలో సుడులు తిరుగుతుంది. వెనకాల నల్లటి కాగితం పెట్టి, పక్క నుంచి టార్చి వేస్తే ఫోన్‌లో చక్కగా పడుతుంది. పొగ ఎక్కువ పెడితే అది పొగో మబ్బో తేలదు, అందుకే ఒక్క క్షణమే. పళ్లెం తీసేస్తే మబ్బు పైకి చెదిరిపోతుంది. పిల్లలకు దాన్నీ చూపించండి. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. సీసాలో చల్లదనం ఐసు నుంచి వచ్చింది. ఆకాశంలో ఐసు పళ్లెం ఉండదు, గాలి పైకెక్కడం వల్ల చల్లబడుతుంది. కాబట్టి సీసా చూపించేటప్పుడు వెనక గొంతు దుమ్ము గురించే చెప్పాలి, చల్లదనం గురించి కాదు.

మబ్బు నుంచి వాన ఎలా పడుతుందన్న దగ్గర ‘మేఘాలు ఒకదాన్నొకటి ఢీకొని వర్షం కురుస్తుంది’ అన్న మాట చాలా స్క్రిప్టుల్లో వస్తుంది. ఉరుము విన్నవాళ్లకు అలా అనిపించడం సహజం. కానీ వాన పడటానికి రెండు మబ్బులు అక్కర్లేదు, ఒక్కటే చాలు. దాని లోపల తుంపరలు ఒకదాన్నొకటి తగిలి కలిసిపోతాయి. మబ్బులోని తుంపర వెడల్పు మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుంది. వాన చినుకు దాదాపు రెండు మిల్లీమీటర్లు. వెడల్పు వంద రెట్లు పెరిగితే నీళ్లు పది లక్షల రెట్లు కావాలి. అంటే పది లక్షల తుంపరలు కలిస్తే ఒక చినుకు. ఈ అంకె పిల్లలకు భలే నచ్చుతుంది. గొంతుతో చెప్పకుండా తెర మీద అంకెగా వేయండి, మాటల బరువు తగ్గుతుంది. చలి ఎక్కువగా ఉండే ఎత్తైన మబ్బుల్లో మంచు స్ఫటికాలు పెరిగి, కరిగి వానవుతాయి. అది నిమిషానికి మించిన కథ, వదిలేయొచ్చు.

ఇక నది. ఇక్కడ నాకు పట్టింపు ఎక్కువ. త్రయంబకంలో పడ్డ చుక్క అలాగే జారుకుంటూ అంతర్వేదికి చేరుతుందని చెప్పడం అందంగా ఉంటుంది. కానీ అది పూర్తి నిజం కాదు. దారిలో నాసిక్ దగ్గర గంగాపూర్ ఆనకట్ట ఉంది, పైఠణ్ దగ్గర జాయక్వాడి ఉంది, తెలంగాణలోకి వచ్చాక పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ ఉంది. ఎగువ నీళ్లలో చాలా భాగం ఈ జలాశయాల్లో ఆగుతుంది. పొలాలకు పారుతుంది, అక్కడే ఆవిరవుతుంది, నేలలో ఇంకుతుంది. మరి రాజమండ్రి దగ్గర వానాకాలంలో అంత గోదావరి ఎక్కడిది? ఎక్కువగా ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చినది. ఆ అడవుల మీద కురిసే వానల్లో బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండాలకు పెద్ద వాటా ఉంది. అంటే బంగాళాఖాతం ఇచ్చిన నీళ్లలో కొన్ని నది దారిన బంగాళాఖాతానికే తిరిగి వస్తున్నాయి. నిజానికి మొత్తం లోకం మీద కురిసే వానలో మూడు వంతులకు పైగా నేలను తాకకుండా నేరుగా సముద్రంలోనే పడుతుంది. ఆ చిట్టి ప్రయాణంలో కొండా లేదు, నదీ లేదు.

ఇంత చిక్కును ఒక నిమిషంలో పెట్టలేం. పెట్టలేనప్పుడు అబద్ధం మాత్రం చెప్పకూడదు. ‘దారిలో ఎన్నో నదులు వచ్చి కలిశాయి’ అన్న చిన్న వాక్యం ఆ పని చేస్తుంది. అది ఉంటే నది మొత్తం ఒక్క కొండ మీది నుంచే వచ్చిందన్న భ్రమ కలగదు. ‘కొంత ఇంకింది, కొంత ఆకుల నుంచి మళ్లీ ఆవిరైంది’ అన్నది ఇంకో వాక్యం. చెట్లు వేళ్లతో తాగిన నీళ్లను ఆకుల మీది సన్నటి రంధ్రాల నుంచి గాలిలోకి వదులుతాయి. జలచక్రం బొమ్మల్లో ఎక్కువగా మరిచిపోయేది దీన్నే.

ఇవన్నీ దృష్టిలో పెట్టుకుంటే స్క్రిప్టు ఇలా తయారవుతుంది:

అరేబియా సముద్రం. ఎండ కాస్తోంది. నీళ్లు మరగడం లేదు. అయినా కొంచెం కొంచెంగా ఆవిరైపోతున్నాయి. ఉప్పు కిందే మిగిలింది. ఆవిరి గాలిలో కలిసిపోయింది. అది కంటికి కనపడదు.

గాలి ఆ ఆవిరితో కొండలెక్కింది. పైకి పోయేకొద్దీ చల్లబడింది. ఆవిరి దుమ్ము రేణువుల చుట్టూ చేరి సన్నని నీటి తుంపరలైంది. అదే మబ్బు.

తుంపరలు ఒకదాన్నొకటి కలుపుకుని పెద్ద చినుకులయ్యాయి. బరువెక్కి కింద పడ్డాయి. వాన!

త్రయంబకం కొండ మీద పడ్డ వాన గోదావరై పారింది. కొంత నేలలో ఇంకింది. కొంత చెట్ల ఆకుల నుంచి మళ్లీ ఆవిరైంది. దారిలో ఎన్నో నదులు వచ్చి కలిశాయి.

అంతర్వేది దగ్గర బంగాళాఖాతం. బయల్దేరింది ఒక సముద్రం, చేరింది ఇంకో సముద్రం. ఇక్కడా ఎండ కాస్తోంది.

ఎనభై మాటల్లోపే అయిపోయింది. పేరా పేరాకూ మధ్య రెండు సెకన్లు మౌనంగా వదిలితే, నిదానంగా చదివినా నిమిషం దాటదు. చివర ‘నీటిని పొదుపు చేద్దాం’ అన్న నినాదం లేదని కొందరు మాస్టర్లు అడగొచ్చు. అది మంచి మాటే, కానీ ఈ వీడియో చెప్పే విషయం అది కాదు. చివరి వాక్యం మళ్లీ ఎండ దగ్గరికి వచ్చి ఆగితే, ఆ తర్వాత ఏం జరుగుతుందో పిల్లలే చెప్పుకుంటారు.

బడి పుస్తకంలోని బాష్పీభవనం, సాంద్రీకరణం, అవపాతం ఎక్కడికి పోయాయంటారా? తెర మీదికి. గొంతు ‘ఆవిరైపోతున్నాయి’ అంటున్నప్పుడు బొమ్మ పక్కన ‘బాష్పీభవనం’ అని పెద్ద అక్షరాలతో వేయాలి. మబ్బు దగ్గర ‘సాంద్రీకరణం’, వాన దగ్గర ‘అవపాతం’, ఆకుల దగ్గర ‘బాష్పోత్సేకం’. చిన్నవాళ్లు చెవితో వింటారు, పెద్ద తరగతుల వాళ్లు కంటితో చదువుకుంటారు. తెర మీది పదాన్నే గొంతు కూడా చెప్పకూడదు, అప్పుడు రెండింట్లో ఒకటి దండగే. బొమ్మలో కనపడేదాన్ని మాటల్లో మళ్లీ వర్ణించడం కూడా అంతే. ఊరి పేర్లు బాసర, భద్రాచలం, రాజమండ్రి స్క్రిప్టులో లేవు. నది పారుతున్న పటం మీద ఒక్కొక్క పేరూ వెలిగితే సరిపోతుంది. మాటలు చెప్పాల్సింది బొమ్మ చూపలేనిదాన్ని. ఆవిరి కనపడదని, ఉప్పు మిగిలిందని, దుమ్ము లేకపోతే మబ్బు లేదని.

రికార్డింగుకు ప్రత్యేకమైన గది అక్కర్లేదు. ఫ్యాను ఆపేయాలి, కిటికీ మూయాలి, బట్టలున్న గదైతే ఇంకా మంచిది, గొంతు మార్మోగదు. ఫోనును నోటికి ఎదురుగా కాకుండా జానెడు దూరంలో కాస్త పక్కకు పెడితే ‘ప’, ‘భ’ పలికినప్పుడు ఊపిరి కొట్టదు. అయిదు పేరాలనూ విడివిడిగా రికార్డు చేయించండి. ఒక దగ్గర తడబడితే అదొక్కటే మళ్లీ చెప్పొచ్చు, మొదటి నుంచీ అక్కర్లేదు. భయంతో పిల్లలు వేగం పెంచేస్తారు. కాగితం మీద ఆగాల్సిన చోట ఎర్ర గీత గీసి ఇస్తే తగ్గుతారు.

అంతా అయ్యాక ఒక్క పరీక్ష మిగులుతుంది. వీడియో తీసిన తరగతి కాకుండా, మూడో తరగతి పిల్లవాణ్ని ఎవర్నైనా కూర్చోబెట్టి ఒక్కసారి చూపించండి. ఏమీ వివరించొద్దు. తర్వాత మూడే ప్రశ్నలు అడగండి. మబ్బులోకి నీళ్లు ఎలా వెళ్లాయి? వాన నీళ్లు ఉప్పగా ఎందుకు లేవు? అరేబియా నుంచి లేచిన నీళ్లు చివరికి ఎక్కడికి చేరాయి? మొదటిదానికి ‘సముద్రం మరిగింది’ అంటే, ‘నీళ్లు మరగడం లేదు’ అన్న వాక్యం వాడి చెవిన పడలేదన్నమాట. అక్కడ గొంతును నెమ్మది చేసి, దాని తర్వాత ఒక సెకను ఆగాలి. ‘తెల్లగా పొగలా వెళ్లాయి’ అంటే తప్పు మాటల్లో లేదు, బొమ్మలో ఉంది. సముద్రం మీద ఇంకా ఎక్కడో తెల్ల రంగు మిగిలి ఉంటుంది, చెరిపేయాలి. రెండోదానికి తెల్లముఖం వేస్తే ఉప్పు మడి బొమ్మను ఇంకో రెండు సెకన్లు ఎక్కువసేపు ఉంచాలి. మూడోదానికి ‘మళ్లీ అరేబియాకే’ అన్నాడంటే పటం మీద బాణం వంపు తిరిగి ఉంటుంది. దాన్ని సరిచేసి, తూర్పు వైపుకు చక్కగా గీసి, ఇంకో పిల్లవాడికి చూపించి మళ్లీ అవే మూడు ప్రశ్నలు అడగాలి.